సిరా అంటిన బొటనవేలు: ఒక దస్తావేజు కేసులో సన్నాహం, ప్రయత్నం

ఆ దస్తావేజు ఆరు పేజీలు. మొదటిది వంద రూపాయల స్టాంపు కాగితం. ప్రతి పేజీ అడుగున ఎడమ పక్క దస్తావేజు లేఖరి పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెట్టాడు. అమ్మేవాళ్ళు నిశాని వెయ్యాల్సిన చోటు అది. ఆరు పేజీల్లోనూ ఆ గుర్తు పక్కన ఖాళీగానే ఉంది. మొదటి పేజీ పైభాగంలో, కుడి అంచున మాత్రం గోరంత సిరా మరక ఉంది. రెండేళ్ళకు పైగా కోర్టులో మేం వకీళ్ళం వాదించుకున్నది ఆ ఖాళీ గురించీ, ఆ మరక గురించీ.

కక్షిదారుల పేర్లు, ఊళ్ళు రాయను. ఉద్దానంలోని ఒక సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట, రోడ్డుకి ఇవతల, లేఖరుల అరుగుల మీద 2019 వేసవిలో జరిగిన సంగతి ఇది. ఎకరా ఎనభై సెంట్ల జీడితోట, మధ్య మధ్య కొబ్బరి చెట్లు. తోట సొంతదారు అరవై దాటిన వితంతువు, విశాఖలో కూతురి దగ్గర ఉంటోంది. ఏడాదికి ఒకసారి పిక్కలు ఏరే రోజుల్లో వచ్చి వెళ్ళడం తప్ప తోటని చూసుకునేవాళ్ళు లేరు. అది కనిపెట్టిన ఒక భూముల దళారీ, పలాస వైపు జీడి వ్యాపారం చేసుకునే ఒకాయనకి ఆ తోట బేరం పెట్టాడు. రెండుసార్లు తోట చూపించాడు, పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు ఇచ్చాడు, "ముసలామె రిజిస్ట్రేషన్ రోజునే వస్తుంది, ఆరోగ్యం బాగోదు" అన్నాడు. కొనేవాడు జాగ్రత్తపరుడు. బయానా ఇవ్వనన్నాడు, రిజిస్ట్రేషన్ అయ్యాకే డబ్బన్నాడు. ఆ ఒక్క మాట వల్లే ఇది ప్రయత్నమా, సన్నాహమా అన్న ప్రశ్న పుట్టింది. మామూలుగా చట్టం శిక్షించేది ప్రయత్నాన్నే, సన్నాహాన్ని కాదు. ఒక్క రూపాయి చేతులు మారి ఉంటే మోసం ఆ రోజే పూర్తయ్యేది, ఈ కేసు గురించి రాయడానికి నాకేమీ ఉండేది కాదు.

సొంతదారు స్థానంలో కూర్చోబెట్టడానికి దళారీ తెచ్చిన మనిషే నా కక్షిదారు. రెండో ముద్దాయి. వయసు యాభై ఎనిమిది, జీడిపిక్కలు కొట్టే పని. ఐదు వేలు ఇస్తానన్నాడని పోలీసుల మాట. సాక్షి సంతకం అన్నాడని ఆమె మాట.

ఆ రోజు పదకొండు గంటల వేళ లేఖరి ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి, స్టాంపు ప్యాడు తెరిచి, ఎడమ బొటనవేలికి సిరా అంటించాడు. కొనేవాడు అప్పటికింకా ఆమె ముఖం చూడలేదు. చలానా కట్టడానికి అవతలికి వెళ్ళి, అక్కడి వరసలో ఉన్నాడు. ఈలోగా తన సొంత పనిమీద ఈసీ తీసుకుందామని వచ్చిన ఒకతను, సొంతదారుకి కొడుకు వరస అవుతాడు, బల్ల మీద పరిచిన కాగితంలో తన పిన్ని పేరు చదివాడు. ఎదురుగా ఉన్నది పిన్ని కాదు. కేక పెట్టాడు. జనం పోగయ్యారు, దళారీ సంచీ లాక్కున్నారు, పోలీసులు వచ్చారు. మధ్యవర్తుల నివేదికలో ఒక వాక్యం ఉంది: "రెండవ ముద్దాయి ఎడమ బొటనవేలికి సిరా అంటి ఉన్నది."

అభియోగపత్రంలో పాత శిక్షాస్మృతి 419, 420, 467, 468 సెక్షన్లను ఒక్కొక్కటీ, ప్రయత్నానికి శిక్ష చెప్పే 511తో కలిపి పెట్టారు. అంటే వేషం వేసి మోసగించడానికి ప్రయత్నం, మోసగించి ఆస్తి రాబట్టడానికి ప్రయత్నం, విలువైన పత్రాన్ని ఫోర్జరీ చెయ్యడానికి ప్రయత్నం, మోసం కోసం ఫోర్జరీకి ప్రయత్నం. పైగా రిజిస్ట్రేషన్ చట్టం 82వ సెక్షన్, దానికీ 511 తోక. ముద్దాయిలిద్దరికీ ఒకే వరస.

కొత్తగా వచ్చిన జూనియర్లు ఇలాంటి అభియోగపత్రం చూడగానే "ఇది సన్నాహమే, ప్రయత్నం కాదు" అని అన్నింటికీ కలిపి ఒకే వాదన రాసుకొస్తారు. నేనూ మొదట్లో అలాగే రాసుకున్నాను. అది తప్పని ఈ కేసు తయారు చేసుకుంటున్నప్పుడే నాకు బాగా అర్థమైంది. ఆ అరుగు మీద ఆ అరగంటలో జరిగిన పనులు అవే, మనుషులు వాళ్ళే. కానీ ఫోర్జరీ వైపు నుంచి చూస్తే గీత ఒకచోట ఉంది, మోసం వైపు నుంచి చూస్తే మరోచోట ఉంది, వేషం వేసి రిజిస్ట్రేషన్ చేయించడం వైపు నుంచి చూస్తే ఇంకా చాలా దూరాన, రోడ్డుకి అవతల ఆఫీసు లోపల ఉంది. ఏ నేరానికి ప్రయత్నం అని ముందు తేల్చుకోవాలి. ఆ నేరం ఏ పనితో పూర్తవుతుందో చూసుకోవాలి. అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ ముద్దాయి ఎక్కడ నిలబడి ఉందో చూడాలి. నా ఫైలు మొదటి పేజీలో ఈ మూడు మాటలే రాసుకున్నాను.

ముందు తేలికైనది. రిజిస్ట్రేషన్ చట్టం 82 ప్రకారం, వేరొకరి వేషంలో దస్తావేజును రిజిస్ట్రేషన్‌కి దాఖలు చేస్తే, లేదా ఆ వేషంలో అధికారి ముందు ఒప్పుకోలో వాంగ్మూలమో ఇస్తే నేరం. ఏడేళ్ళ దాకా శిక్ష. ఇక్కడ కాగితం కౌంటరు దాకా వెళ్ళనే లేదు. అందుకే పోలీసులు 511 తగిలించారు. కానీ 511లోని మాటలు చదవండి: ఈ స్మృతి కింద శిక్షార్హమైన నేరానికి ప్రయత్నిస్తే అని ఉంది. రిజిస్ట్రేషన్ చట్టం వేరే చట్టం. అందులో ప్రయత్నానికి విడిగా శిక్ష పెట్టలేదు. ప్రత్యేక చట్టాల్లో ప్రయత్నాన్ని శిక్షించాలనుకుంటే శాసనకర్తలు ఆ చట్టంలోనే రాస్తారు. నిత్యావసర వస్తువుల చట్టం కింద ఇచ్చే ఉత్తర్వుల్లో రవాణాతో పాటు రవాణాకి ప్రయత్నాన్నీ చేర్చేది అందుకే. డిశ్చార్జి పిటిషన్‌లో ఈ ఒక్క అంశమే తీసుకున్నాను. అభియోగాలు రాసే రోజున మేజిస్ట్రేటు ఆ సెక్షన్ తీసేశారు. పాత స్మృతి పోయి వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితలో 511 స్థానంలో వచ్చిన 62వ సెక్షన్‌లోనూ "ఈ సంహిత" అనే ఉంది కాబట్టి, 2024 జులై 1 తర్వాతి కేసులకీ ఇదే వాదన నిలుస్తుంది. చాలా అభియోగపత్రాల్లో ఈ పొరపాటు ఇప్పటికీ చూస్తున్నాను.

ఇక ఫోర్జరీ. కేసు గుండెకాయ ఇదే. విలువైన పత్రం ఫోర్జరీకి యావజ్జీవం దాకా ఉంది. ప్రయత్నానికి అందులో సగం. యావజ్జీవాన్ని లెక్కకి ఇరవై ఏళ్ళుగా తీసుకుంటారు కాబట్టి, జీడిపిక్కలు కొట్టుకునే ఆ మనిషి నెత్తిన పదేళ్ళ సెక్షన్ వేలాడుతోంది.

ఫోర్జరీ ఎప్పుడు పూర్తవుతుంది? వేరొకరు వేసినట్టుగా నమ్మించే ఉద్దేశంతో సంతకమో ముద్రో కాగితం మీద పడినప్పుడు. దస్తావేజు వాడారా, రిజిస్టరు అయిందా, ఎవరైనా నష్టపోయారా అన్న ప్రశ్నలు ఆ తర్వాతివి. నిశాని పడితే అది ప్రయత్నం కూడా కాదు, నేరమే పూర్తయినట్టు. కాబట్టి ఈ కేసులో ప్రయత్నానికి మిగిలే జాగా చాలా ఇరుకు. స్టాంపు కాగితం కొనడానికీ, వేలు కాగితానికి తగలడానికీ మధ్య ఉన్న జాగా అంతే.

దీనికి అచ్చంగా సరిపోయే పాత తీర్పు ఒకటి ఉంది. మన జిల్లాలన్నీ మద్రాసు హైకోర్టు కింద ఉన్న రోజుల్లో, 1881లో ఆ కోర్టు ఇచ్చిన పడాల వెంకటసామి తీర్పు. దొంగ పత్రం తయారు చెయ్యాలన్న ఉద్దేశంతో ముద్దాయి స్టాంపు కాగితం సంపాదించాడు, అందులో రాయాల్సిన వివరాలు కూడబెట్టుకున్నాడు. హైకోర్టు అది సన్నాహమే, ఫోర్జరీకి ప్రయత్నం కాదంది. ఆ తీర్పు చదివినప్పుడు మా కేసులో సగం గెలిచేసినట్టు అనిపించింది. స్టాంపు కాగితం, రాత, పాసుపుస్తకం జిరాక్సు, ఇవన్నీ అక్కడివే. కానీ అక్కడ లేనిదొకటి ఇక్కడ ఉంది. సిరా అంటిన వేలు.

వాదనల రోజు మేజిస్ట్రేటు అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే. "కాగితానికి అంగుళం దూరంలో వేలుంది. ఇంకెక్కడ గియ్యమంటారు గీత?" అని.

దూరంతో కొలిచేవాళ్ళకి మల్కియత్ సింగ్ తీర్పు గుర్తొస్తుంది. 1964 అక్టోబరులో పంజాబు నుంచి ఢిల్లీ వైపు డెబ్బై ఐదు బస్తాల ధాన్యంతో వెళ్తున్న లారీని సమాల్కా దగ్గర ఆపారు. పర్మిట్ లేకుండా రాష్ట్రం దాటించడం నేరం. సరిహద్దు ఇంకా మైళ్ళ దూరాన ఉంది. ఆ మధ్య దారిలో వాళ్ళు మనసు మార్చుకుని ఆగిపోయే అవకాశం ఉంది కాబట్టి అది సన్నాహమే అని సుప్రీంకోర్టు 1968లో వాళ్ళని వదిలేసింది. మన వైపు పోల్చుకోవాలంటే, ఇచ్ఛాపురం దాటితే నేరం అనుకున్న లారీని టెక్కలి దగ్గర ఆపినట్టు. నేను ఈ తీర్పు చదివితే ప్రాసిక్యూషన్ వెంటనే 1980 నాటి మహ్మద్ యాకూబ్ తీర్పు తీస్తుందని నాకు తెలుసు. తీసింది కూడా. అందులో బొంబాయికి దగ్గర్లో, రాత్రివేళ, వెండి దిమ్మలు దాచిన లారీని ఒక నిర్మానుష్యమైన సముద్రపు కయ్య ఒడ్డున పట్టుకున్నారు. వెండి ఇంకా పడవ ఎక్కలేదు. సెషన్స్ కోర్టు, హైకోర్టు అది సన్నాహమని వదిలేస్తే, సుప్రీంకోర్టు ప్రయత్నమే అంది. మన తెలుగువాడు జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు అందులో విడిగా రాసిన తీర్పు ఈ విషయంలో నేను చదివిన వాటన్నిటిలోకీ స్పష్టమైనది. నేరానికి ఎంత దగ్గరగా వచ్చాడో కొలవాల్సింది కాలంతోనో పనుల వరసతోనో కాదు, ఉద్దేశంతో అన్నారాయన. చేసిన పని, చుట్టూ ఉన్న సంగతులతో కలిపి చూస్తే, ఉద్దేశాన్ని దాదాపు నిశ్చయంగా బయటపెట్టాలి. అదే లారీని ప్రయాణం మొదట్లోనే ఆపి ఉంటే ఏమయ్యేదో కూడా ఆయన చెప్పారు. వెండిని ఎక్కడికో తీసుకెళ్తున్నారనే తెలిసేది తప్ప, దేశం దాటిస్తున్నారని తెలిసేది కాదు. కయ్య ఒడ్డుకి చేరాక ఆ సందేహం పోయింది.

ఈ కొలతతో చూస్తే మా పరిస్థితి ఏమీ బాగులేదు. మరొకరి పేరున్న దస్తావేజు ముందు కూర్చుని వేలికి సిరా పూయించుకున్న మనిషి ఉద్దేశం గురించి సందేహం ఎక్కడుంది? పైగా ప్రయత్నం అనడానికి ఆఖరి పనికి ముందరి పని జరిగి తీరాలన్న నియమం లేదని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పేసింది. కాబట్టి అంగుళాలు లెక్కపెట్టి వాదిస్తే ఓడిపోతాను. ఆమె వేలు కాగితం మీదికి దిగుతుండగా ఎవరో చెయ్యి పట్టుకుని ఆపారని రుజువై ఉంటే, అది సన్నాహమని నేను నిలబడి వాదించేవాణ్ణి కాదు. అది నిజాయితీ ఉన్న వాదన కాదు.

అందుకే గీత ఎక్కడుందన్న ప్రశ్న పక్కన పెట్టి, వరస ఏమిటన్న ప్రశ్న పట్టుకున్నాను. కేక ముందా, ఆమె చెయ్యి వెనక్కి తీసుకోవడం ముందా? కేక వల్ల ఆగితే అది బయటి అడ్డంకి. తనంతట తాను ఆగి ఉంటే, సిరా అంటినా సరే, మనసు మార్చుకునే జాగా ఆమెకి ఇంకా మిగిలే ఉందనీ, ఆ జాగాని ఆమె వాడుకుందనీ అర్థం. మద్రాసు హైకోర్టుదే 1884 నాటి రామక్క కేసు దీనికి ఆధారం. దూకేస్తానంటూ బావి వైపు పరిగెత్తిన స్త్రీని బావి చేరకముందే పట్టుకున్నారు. చేరేలోపు ఆమె మనసు మారవచ్చు కాబట్టి ఆత్మహత్యా ప్రయత్నం రుజువు కాలేదన్నారు. అక్కడ మనసు మారవచ్చు అన్నది ఊహ. ఇక్కడ నేను చూపించాలనుకున్నది మనసు మారింది అని.

ఆమె నాతో మొదటి రోజే చెప్పింది ఈ మాట. జైలు నుంచి బెయిలు మీద వచ్చి, నా ఆఫీసు గుమ్మంలో కూర్చుని, "నానెయ్యలేదు బాబూ. బయ్యమేసి చెయ్యి తీసేసినాను. అప్పుడే ఆయన అరిసినాడు" అంది. కక్షిదారు చెప్పినంత మాత్రాన కోర్టులో నిలబడదు. చెప్పగలిగిన మూడో మనిషి ఒక్కడే, లేఖరి. అతన్ని పోలీసులు సాక్షిగా పెట్టుకున్నారు.

కేక పెట్టినతను మొదటి సాక్షి. పోలీసులకి ఇచ్చిన వాంగ్మూలంలో "నిశాని వెయ్యబోతుండగా చూసి కేక వేశాను" అన్నాడు. కోర్టులోకి వచ్చేసరికి "వేసేసింది, నేను చూశాను" అన్నాడు. పిన్ని ఆస్తి మీద అభిమానం, అర్థం చేసుకోదగినదే. ఆ తేడాని గుర్తింపచేయించి, ఎక్కడ నిలబడి చూశారని అడిగాను. అరుగు కింద, ఆమె వెనక. వెనక నుంచి ఆమె బొటనవేలు కనిపించదు. ముందు కనిపించింది కాగితంలోని పేరా, ఆమె చెయ్యా అంటే పేరే అన్నాడు. అంతకు మించి అడగలేదు. ఎక్కువ అడిగితే అతను తన మాట సరిచేసుకునేవాడు.

లేఖరి క్రాస్ పరీక్ష నా జీవితంలో నేను భయపడుతూ చేసినవాటిలో ఒకటి. అతనికి తన ఉపాధి పోతుందన్న భయం ఉంది, ఏ వైపైనా ఒరగవచ్చు. చీఫ్‌లో, అంటే ముందు ప్రాసిక్యూషన్ అడిగినప్పుడు, "సిరా అంటించాను, ఈలోగా గొడవ అయింది" అని ముక్తసరిగా చెప్పాడు. నేను మెల్లగా పని గురించే అడిగాను. ఆరు పేజీలకీ నిశాని వేయించడానికి ఎంతసేపు పడుతుందండీ? నిమిషం చాలు. సిరా ఆరిపోతుందా? ఆరిపోతుంది, అందుకే అంటించగానే వేయించేస్తాను. ఆ రోజు అంటించాక ఏ పేజీ తిప్పారు? మొదటిది. ఏమన్నారు? "ఇక్కడ వెయ్యమ్మా" అన్నాను. వేసిందా? వెయ్యలేదు. ఏమంది? కాస్త ఆగాడు. "చదివి చెప్పు బాబూ అంది. పేరు చదివాను. వేలు అలా గాల్లోనే ఉంచింది. రెండోసారి చెప్పాను. చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది." తర్వాత? "మళ్ళీ సిరా అంటించాలని ప్యాడు తీశాను. అప్పుడే అరుపులు."

మళ్ళీ సిరా అంటించాల్సి వచ్చిందంటే మొదటిది ఆరిపోయింది. నిమిషంలో అయిపోయే పని ఆగిపోయి సిరా ఆరేంత సేపు గడిచింది, ఆ తర్వాతే కేక. నా వాదన మొత్తం ఆ ఆరిన సిరా మీదే నిలబడింది.

ఇక మరక సంగతి. ప్రాసిక్యూషన్ చివరి ఆశ అదే. వేలిముద్రల నిపుణుడి నివేదికలో మరకలో పోల్చదగిన గీతలు లేవని వచ్చింది. మామూలుగా అయితే అది మాకు అనుకూలం. కానీ అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ తెలివైన మాట ఒకటి అన్నారు. ఏళ్ళ తరబడి జీడిపిక్కల పెంకులోని నూనె తగిలి వేళ్ళ చర్మం కాలిపోయిన మనిషి ఈమె, నమూనా ముద్రలే సరిగా పడలేదు, ఈమె నిశాని వేస్తే పడేది ఇలాంటి మరకే అని. ఆ వాదనకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆమె వేళ్ళు నేనూ చూశాను. కొసలు నల్లబడి, గీతలు అరిగిపోయి, ఆధార్ మిషను దగ్గర బియ్యానికి వేలు పెడితే మూడుసార్లకి గానీ పలకదని ఆమే చెప్పింది. మాకు అండ అనుకున్న నివేదిక ఎదురు తిరిగింది.

కాపాడింది మరక ఉన్న చోటు. నిశాని వెయ్యాల్సిన గుర్తు పేజీ అడుగున ఎడమ పక్క. మరక పైన కుడి అంచున, పేజీ తిప్పేటప్పుడు పట్టుకునే చోట. లేఖరిని తిరిగి పిలిపించుకుని, సిరా ఎలా అంటిస్తారని అడిగితే ఆమె వేలు పట్టుకుని ప్యాడు మీద దొర్లించానన్నాడు. తన వేళ్ళకీ అంటుతుందా అంటే అంటుతుందన్నాడు. ఆ రోజు అతను రాసిన మరో రెండు దస్తావేజుల నకళ్ళు తెప్పించాం. రెండింటిలోనూ అదే మూల అలాంటి మరకే ఉంది.

మోసానికి ప్రయత్నం అన్నది పూర్తిగా వేరే కథ. మోసం పూర్తయ్యేది నమ్మినవాడు ఆస్తి ఇచ్చినప్పుడు. కానీ ప్రయత్నం మొదలయ్యేది అబద్ధం అతనికి చేరినప్పుడే. 1961 నాటి అభయానంద్ మిశ్రా తీర్పు దీన్ని చక్కగా విడదీసింది. పట్టభద్రుడు కాకపోయినా అయినట్టు, టీచరు కాకపోయినా అయినట్టు రాసి ఒకతను పాట్నా విశ్వవిద్యాలయానికి ఎం.ఎ. పరీక్షకి దరఖాస్తు పెట్టాడు. దరఖాస్తు తయారుచేసుకుని బల్ల మీద ఉంచుకున్నంతవరకూ సన్నాహం. పంపించిన క్షణం నుంచి ప్రయత్నం. పరీక్ష రాయకపోయినా, ఆఖరికి అనుమతి రద్దయినా తేడా లేదు.

ఈ తీర్పు చదివి చూసుకుంటే దళారీ ఎప్పుడో గీత దాటేశాడు. తోట చూపించిన మొదటి రోజే "ఆమె అమ్ముతోంది" అన్న అబద్ధం కొనేవాడికి చేరింది. అది ఒక్కటే అయితే ఇంకా సందేహం మిగిలేదేమో. పాసుపుస్తకం జిరాక్సు ఇచ్చాక, ఫొటో మార్చిన ఆధార్ కాపీ సంచీలో పెట్టుకుని, మనిషిని తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టాక, దస్తావేజు మీద నిశాని పడిందా లేదా అన్నది అతని విషయంలో అసలు ప్రశ్నే కాదు. అతని తరఫు వకీలు నాతో కలిసి సన్నాహం వాదనే వినిపిస్తానంటే, మీ కక్షిదారుకి ఆ వాదన చాలదని నేను ముందే చెప్పాను.

నా కక్షిదారు మాటేమిటి? ఆమె కొనేవాడితో ఒక్క మాట మాట్లాడలేదు. అతను ఆమెను చూసింది గొడవ అయ్యాకే. ఆమె నుంచి అతనికి ఏ అబద్ధమూ చేరలేదు. దళారీ అబద్ధాలు ఆమెకి తెలుసని, వాటిలో ఆమె పాలుపంచుకుందని రుజువు కావాలి. ఐదు వేల మాట చెప్పిన సాక్షి లేడు, పోలీసు అధికారి చెప్పాడు, అది ముద్దాయి పోలీసులకి చెప్పినట్టుగా. కోర్టులో అది చెల్లదు.

విచారణ జరిగినన్నాళ్ళూ నన్ను రాత్రిళ్ళు నిద్రపోనివ్వనిది మాత్రం వేరే ఉంది. అభియోగపత్రంలో నేరపూరిత కుట్ర లేదు. పాత స్మృతి 120-బి, ఇప్పటి సంహితలో 61. ఇద్దరు ముద్దాయిలున్న చోట సన్నాహం అన్న వాదన ఎంత బలంగా కట్టినా కుట్ర సెక్షన్ ముందు నిలవదు. ఫోర్జరీలాంటి పెద్ద నేరం చెయ్యాలని ఇద్దరు ఒప్పుకుంటే చాలు, ఆ ఒప్పందమే నేరం. స్టాంపు కాగితం కొనకపోయినా సరే. ఒంటరిగా పథకం వేసుకున్నవాడికి చట్టం ఇచ్చే మనసు మార్చుకునే జాగా, జతగా వేసినవాళ్ళకి దాదాపు ఉండదు. తీర్పు చెప్పే వరకూ ఎప్పుడైనా అభియోగం మార్చే అధికారం కోర్టుకి ఉంది. ప్రాసిక్యూషన్ ఒక్క పిటిషన్ వేసి ఉంటే, ఆరిన సిరా గురించి నేను చేసినదంతా పక్కకి పోయి, ఆమెకి ఒప్పందం తెలుసా లేదా అన్న ప్రశ్న మీద మళ్ళీ మొదటి నుంచీ పోరాడాల్సి వచ్చేది. వాళ్ళకి గుర్తు చెయ్యడం నా పని కాదు. చెయ్యలేదు. కానీ జూనియర్లకి చెబుతాను, సన్నాహం అని రాసుకునే ముందు ముద్దాయిలు ఎంతమందో లెక్కపెట్టండి అని. ఐదుగురో అంతకు మించో బందిపోటుతనానికి సిద్ధపడిన కేసయితే కుట్ర కూడా అక్కర్లేదు. ఆ సన్నాహాన్నే పదేళ్ళ శిక్షతో నేరం చేసి పెట్టారు, పాత స్మృతిలో 399గా, సంహితలో 310లో.

తీర్పు ఇరవై రెండు పేజీలు వచ్చింది. దళారీకి మోసానికి ప్రయత్నం కింద ఏడాది శిక్ష, జరిమానా. ఆ సెక్షన్‌కి గరిష్ఠం ఏడేళ్ళలో సగం, మూడున్నరేళ్ళు. ఫోర్జరీ ప్రయత్నం ఇద్దరి మీదా కొట్టేశారు. దళారీ విషయంలో ఆ భాగం నాకు ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు. ఆమె మనసు మారిందన్నది ఆమెకి రక్ష. ఆమెను అందుకు పురిగొల్పినవాడికి అది రక్ష కాకూడదు. నేరం జరగకపోయినా పురిగొల్పడం శిక్షార్హమే. ఆ సెక్షన్ కూడా అభియోగపత్రంలో లేకపోవడం వల్ల అతను దాన్నుంచి తప్పించుకున్నాడు.

నా కక్షిదారు గురించి మేజిస్ట్రేటు రాసింది రెండు పేరాలు. సిరా అంటించుకోవడం వరకూ సన్నాహమా, ప్రయత్నమా అన్న ప్రశ్నను ఆయన తేల్చలేదు. ఉద్దేశంతో కొలవాలన్న 1980 తీర్పునే తీసుకుని, సిరా ఆరేంత సేపు వేలు గాల్లో ఉంచి, రెండోసారి చెప్పినా చెయ్యి ఒళ్ళో పెట్టుకున్న మనిషికి ఆ క్షణాన ఫోర్జరీ చేసే ఉద్దేశం ఉందని సందేహాతీతంగా చెప్పలేమన్నారు. నేను అడిగిన దారిలో కాకుండా, ప్రాసిక్యూషన్ ఇచ్చిన కొలబద్దతోనే ఆమె బయటపడింది.

తీర్పు చదివి వినిపించాక ఆమెకి సగం అర్థం కాలేదు. గుమస్తా ఆమె చేత విడుదల పత్రం మీద నిశాని వేయించాలి. ప్యాడు తెరిచి వేలికి సిరా అంటించబోతే చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంది.

"ఏటి రాసినారో ముందు సదువు బాబూ," అంది.

గుమస్తా ఆమె పేరు నుంచి మొదలుపెట్టి అక్షరం అక్షరం చదివాడు. విని, వేసింది. మరకే పడింది.